రిటైరై ఒంటరిగా ఉంటున్న సహోద్యోగికి పండగ పలకరింపు: పండగ తర్వాత కూడా మాట కొనసాగేలా ఎలా రాయాలి

పండగ రోజు పొద్దున్నే ఫోన్ నిండా శుభాకాంక్షలే ఉంటాయి. అందులో చాలావరకు ఎవరో పంపిన బొమ్మని ఇంకొకరికి పంపినవే. ఉద్యోగంలో ఉన్నవాళ్లకి దానివల్ల పెద్ద తేడా ఉండదు, మర్నాడు ఆఫీసులో పదిమంది కనిపిస్తారు. రిటైరై ఒక్కరే ఉంటున్న మనిషికి మాత్రం పండగ రోజు ఫోన్ ఆగకుండా మోగుతుంది, మర్నాటి నుంచి చడీచప్పుడూ ఉండదు. అలాంటి పాత సహోద్యోగి ఒకరు మీ మనసులో ఉండి, ఈసారి పలకరింపు పండగతో ఆగిపోకూడదని మీకు అనిపిస్తే, ఏం రాయాలో, ఎలా రాయాలో, పంపాక ఏం చేయాలో వరసగా చెబుతాను.

ముందే ఒక మాట. ఈ పలకరింపులో అసలు పని చేసేది ఒకే ఒక్క వాక్యం. మళ్ళీ ఎప్పుడు మాట్లాడతారో, ఎవరు ఎవరికి ఫోన్ చేస్తారో చెప్పే వాక్యం. మిగతాదంతా దాని కోసమే.

1. రాయడానికి ముందు: ఆయన పరిస్థితి ఏమిటి?

ఒంటరిగా ఉండటంలో తేడాలున్నాయి. జీవిత భాగస్వామి పోయి ఒక్కరే మిగిలినవాళ్లు ఉంటారు. పిల్లలు దూరాన స్థిరపడితే ఒక్కరే ఉంటున్నవాళ్లు ఉంటారు. మొదటినుంచీ ఒక్కరే ఉండి, అలాగే హాయిగా ఉన్నవాళ్లూ ఉంటారు. ముగ్గురికీ ఒకే రకంగా రాస్తే కనీసం ఇద్దరి విషయంలో తప్పుతుంది. ఆయనతో ఇప్పటికీ మాట్లాడుతున్నవాళ్లు ఆఫీసులో ఎవరైనా ఉంటే ఒకసారి కనుక్కోండి. ఆరోగ్యం ఎలా ఉంది, ఇంట్లో ఈ మధ్య ఏమైనా జరిగిందా, నంబరు పాతదేనా, ఈ మూడూ తెలిస్తే చాలు.

ఇంట్లో మనిషి పోయాక వచ్చిన మొదటి పండగైతే శుభాకాంక్షలు అనే మాటే రాయకండి. దాని బదులు ఇలా రాయొచ్చు: “ఈ పండగకి మేడమ్ లేని లోటు మీకు తెలుస్తూనే ఉంటుంది సార్. మిమ్మల్ని తలుచుకుని రాస్తున్నాను.” అంతకుమించి ఓదార్పు ఆ సందేశంలో పెట్టకపోవడమే మంచిది. అది ఫోన్లో, గొంతుతో చెప్పాల్సిన మాట.

ఒకటి మాత్రం ఎవరికి రాసినా వర్తిస్తుంది. “మీరు ఒంటరిగా ఉన్నారు కదా”, “ఒక్కరే ఎలా ఉంటున్నారో ఏమో” లాంటివి ఎక్కడా రాయకూడదు. మీ ఉద్దేశం జాలి కాకపోయినా చదివేవాళ్లకి జాలిగానే కనిపిస్తుంది. నిన్నటిదాకా ఒక సెక్షన్‌ని నడిపించిన మనిషి జాలి చూపించినవాళ్లకి తిరిగి ఫోన్ చేయరు.

2. ఎప్పుడు, దేని ద్వారా పంపాలి?

పండగకి ఒకటి రెండు రోజుల ముందు పంపండి. పండగ పొద్దున పంపితే ఆ గుంపులో కలిసిపోతుంది, బొమ్మల మధ్య మీ నాలుగు మాటలూ ఎక్కడో కిందికి పోతాయి. ముందే వస్తే తీరిగ్గా చదువుతారు.

ఆయన వాట్సాప్ చూస్తారని మీకు తెలిస్తే అందులోనే పంపండి, కానీ మాటలు మీరే టైప్ చేయండి. మరొకరి సందేశాన్ని ముందుకి పంపితే, అది ఫార్వర్డ్ అని పైన కనిపిస్తుంది. చాలామందికి ఒకేసారి పంపే బ్రాడ్‌కాస్ట్ జాబితా వాడితే ఇంకో చిక్కుంది: అవతలివాళ్ల ఫోన్లో మీ నంబరు సేవ్ అయి లేకపోతే ఆ సందేశం వాళ్లకి చేరదు. రిటైరయ్యాక ఫోన్ మార్చినవాళ్ల దగ్గర సగం నంబర్లు ఉండవు. మీరు పంపాననుకుంటారు, ఆయన ఎవరూ పలకరించలేదనుకుంటారు.

చూపు మందగించినవాళ్లకి నిమిషం లోపు వాయిస్ మెసేజ్ మంచిది. చేత్తో రాసిన కార్డు వీలైతే ఇంకా మంచిది, మళ్ళీ మళ్ళీ తీసి చూసుకోవడానికి ఉంటుంది. అయితే కార్డు పోస్టులో ఆలస్యం కావచ్చు. అందుకని అందులో “ఈ ఆదివారం” అని కాకుండా తేదీ వేయండి.

3. మొదటి వాక్యంలో మీరెవరో చెప్పండి

మీ పేరు ఆయన ఫోన్లో ఉందని అనుకోవద్దు. పేరు, సెక్షన్, కూర్చున్న చోటు, ఏ కాలంలో కలిసి పనిచేశారు, వీటిలో రెండు చాలు. “నన్ను గుర్తుపట్టారా?” అని మాత్రం అడగొద్దు. గుర్తు రాకపోతే ఆ మనిషి ఎంత ఇబ్బంది పడతారో ఆలోచించండి.

సంబోధన కూడా ఆఫీసులో ఎలా పిలిచేవారో అలాగే ఉంచండి. సార్ అనేవారైతే సార్, మేడమ్ అయితే మేడమ్, పేరు పక్కన గారు అనేవారైతే అదే. ఉద్యోగం అయిపోయింది కదా అని ఒక్కసారిగా అంకుల్, బాబాయి గారు అంటే కొందరికి నచ్చుతుంది, కొందరికి తమ స్థానం పోయినట్టు అనిపిస్తుంది. ఆ మార్పు ఆయనే కోరితే అప్పుడు చేయండి.

4. ఒక జ్ఞాపకం, ఇప్పటికీ పనికొస్తున్నది

“మీ దగ్గర ఎంతో నేర్చుకున్నాం”, “మీరు లేని లోటు కనిపిస్తోంది” లాంటివి రిటైర్మెంట్ రోజు సన్మాన సభలో ఆయన విన్నారు. మళ్ళీ రాస్తే అది మీ మాటలా ఉండదు. దాని బదులు ఆయన చెప్పిన ఒక పద్ధతి, ఒక అలవాటు, మీరు నిన్నో మొన్నో నిజంగా వాడినది ఒకటి రాయండి. వివరంగా రాయండి. అది చదివితే, తన పని ఇంకా అక్కడ నడుస్తోందని ఆయనకి ఎవరూ చెప్పకుండానే తెలుస్తుంది.

ఆఫీసు గొడవలు, ఎవరికి ప్రమోషన్ వచ్చింది, ఎవరికి రాలేదు లాంటివి ఇక్కడ వద్దు. ఆయన దిగిపోయిన రోజుల్లో ఏదైనా మనస్పర్థ ఉండి ఉంటే అది మళ్ళీ రేగుతుంది. పండగ పూట ఒక్కరే కూర్చుని దాన్ని నెమరేసుకోవాల్సి వస్తుంది.

5. మళ్ళీ మాట్లాడుకుందామనే పిలుపు: ఇక్కడే చాలామంది ఆగిపోతారు

సాధారణంగా ఎలా రాస్తాం? “టచ్‌లో ఉండండి సార్.” “ఎప్పుడైనా మా ఇంటికి రండి.” “ఏ అవసరం ఉన్నా ఒక్క ఫోన్ చేయండి.” మూడూ మంచి మనసుతో రాసినవే. కానీ మూడింటిలోనూ పని ఆయన నెత్తిమీదే పడింది. ఎప్పుడు చేయాలో ఆయనే ఆలోచించాలి, మీరు బిజీగా ఉన్నారేమో అని ఆయనే సంకోచించాలి, అవసరం ఉందని ఆయనే ఒప్పుకోవాలి. మూడోది మరీ కష్టం. ఏ అవసరమూ లేకపోతే ఫోన్ చేయడానికి కారణమే లేనట్టు అవుతుంది కదా.

అందుకని మొదలుపెట్టే బాధ్యత మీ దగ్గరే ఉంచుకోండి. పిలుపులో రోజు, వేళ, ఎంతసేపు, దేని గురించి అన్నవి ఉండాలి. ఫోన్ చేసేది మీరేనని స్పష్టంగా ఉండాలి. కాదనడానికి తేలికైన దారి కూడా ఉండాలి. చివరిది మర్చిపోతే పిలుపు ఆర్డరులా తయారవుతుంది.

కారణం నిజమైనదై ఉండాలి. ఆయనకి తెలిసి మీకు తెలియని విషయం ఒకటి అడగడం అన్నిటికంటే బాగా పనిచేస్తుందని నా నమ్మకం. అక్కర్లేని ప్రశ్నని సాకుగా అడిగితే మాత్రం దొరికిపోతారు. ముప్పై ఏళ్లు ఫైళ్లు చూసిన మనిషికి ఉత్తుత్తి నోట్ ఏదో, అసలుది ఏదో ఇట్టే తెలుస్తుంది.

“ఇన్నాళ్లూ పలకరించకుండా ఇప్పుడు చేస్తే ఏమనుకుంటారో” అన్న సంకోచం మీకూ ఉంటుంది. దీని మీద పిట్స్‌బర్గ్ యూనివర్సిటీకి చెందిన పెగ్గీ లియూ, ఆమెతోపాటు మరికొందరు పరిశోధకులు 2022లో ఒక అధ్యయనం ప్రచురించారు. పాత పరిచయస్తులని పలకరించేవాళ్లు, అవతలివాళ్లు ఎంత సంతోషిస్తారో తక్కువగా అంచనా వేస్తున్నారని అందులో తేలింది. అనుకోకుండా వచ్చిన పలకరింపుకి ఆ సంతోషం ఇంకా ఎక్కువగా ఉంది. మన విషయానికి ఇది సూటిగా పనికొస్తుంది. పండగ రోజు సందేశం అందరూ ఎదురుచూసేదే. పండగ వెళ్లిపోయిన వారానికి, ఏ సందర్భమూ లేని ఒక మామూలు సాయంత్రం మీరు చేసే ఫోనే ఆయన ఊహించనిది.

6. ఒక సందేశం మొదటినుంచీ రాసి చూద్దాం

ఆయన లెక్కల సెక్షన్‌లో మీకు సీనియర్. రిటైరై మూడేళ్లయింది. మేడమ్ పోయి రెండేళ్లు కావస్తోంది. కొడుకు వేరే దేశంలో ఉన్నాడు. రిటైరయ్యాక మీరు మాట్లాడింది తక్కువే. తోచినట్టు రాస్తే మొదటి ప్రతి ఇలా వస్తుంది:

“సార్, మీకు, మీ కుటుంబానికి పండగ శుభాకాంక్షలు. మీ దగ్గర ఎంతో నేర్చుకున్నాం. ఒక్కరే ఉన్నారు కదా, ఏ అవసరం ఉన్నా మొహమాటపడకుండా ఫోన్ చేయండి. టచ్‌లో ఉండండి.”

ఇందులో ప్రతి వాక్యానికీ ఏదో ఒక లోపం ఉంది. “మీ కుటుంబానికి” అన్నది ఆ ఇంట్లో ఆయన ఒక్కరే ఉన్నారని గుర్తుచేస్తుంది. నేర్చుకున్నది ఏమిటో లేదు. జాలి ఉంది. చివర్లో పని ఆయనకే అప్పగించారు. రాసిందెవరో కూడా తెలియదు.

ఇప్పుడు ఒక జ్ఞాపకం వెతకాలి. ఆయన నేర్పిన ఒక కిటుకు మీరు ఈమధ్యే వాడారనుకుందాం. లెక్క కలవనప్పుడు తేడాని ముందు తొమ్మిదితో భాగించి చూడమనేవారు. శేషం లేకుండా పోతే, ఏదో ఒక సంఖ్యలో పక్కపక్క అంకెలు తారుమారై ఉండే అవకాశం ఉంది. అలా అంకెలు తిరగబడితే వచ్చే తేడా ఎప్పుడూ తొమ్మిదికి గుణిజమే అవుతుంది. లెక్కలు రాసేవాళ్ల చేతిలో చాలాకాలంగా ఉన్న పద్ధతి ఇది. దీన్ని సందేశంలో పెడితే:

“సార్, నమస్కారం. నేను (మీ పేరు), లెక్కల సెక్షన్‌లో మీ ఎదురు సీటు. మీకు పండగ శుభాకాంక్షలు.

మొన్న నెలాఖరు లెక్కలో 270 తేడా వచ్చింది. మీరు చెప్పినట్టే ముందు తొమ్మిదితో భాగించాను, శేషం లేకుండా పోయింది. వెతికితే 4,630 ఉండాల్సిన చోట 4,360 అని పడింది. కాసేపట్లోనే తేలిపోయింది.

సెక్షన్‌లో ఒక అమ్మాయి కొత్తగా చేరింది. తనకి ఇలాంటివి చెబుదామనుకుంటే మీరు చెప్పినవన్నీ నాకు గుర్తు రావడం లేదు. పండగ అయ్యాక వచ్చే ఆదివారం సాయంత్రం ఐదింటికి నేనే ఫోన్ చేస్తాను, ఓ పావుగంట మాట్లాడుకుందాం. ఆ టైము కుదరకపోతే ఫోన్ ఎత్తకండి, నేనేమీ అనుకోను. మర్నాడు అదే టైముకి ఇంకోసారి చేస్తాను. దీనికి జవాబు రాయక్కర్లేదు సార్.”

అవసరాలు, ఆరోగ్యం, ఒంటరితనం ఇందులో ఎక్కడా లేవు. “జవాబు రాయక్కర్లేదు” అన్నది చిన్న మాటే అయినా తీసేయకండి. టైప్ చేయడం కష్టమైనవాళ్లు జవాబు ఎలా రాయాలా అని రోజులు గడిపి, ఆలస్యమైందని సిగ్గుపడి, ఆ తర్వాత ఫోన్ ఎత్తడానికి కూడా వెనకాడతారు.

ఉదాహరణ లెక్కలది కాబట్టి అంకెలు వచ్చాయి. మీ సహోద్యోగి టీచరైతే అల్లరి క్లాసుని ఎలా కూర్చోబెట్టేవారో రాయండి, నర్సైతే రాత్రి డ్యూటీ అప్పగించేటప్పుడు ఏం రాసి ఉంచేవారో రాయండి. మీరు నిజంగా వాడినదైతే చాలు.

7. పంపిన తర్వాత

జవాబు రాకపోతే కంగారుపడొద్దు, మళ్ళీ సందేశం పంపొద్దు. చెప్పిన రోజు చెప్పిన వేళకి ఫోన్ చేయండి. ఇది తప్పితే ముందు రాసినదంతా వృథా. ఐదింటికి అంటే ఒంటరిగా ఉన్న మనిషి నాలుగున్నర నుంచే ఫోన్ దగ్గర పెట్టుకుని కూర్చోవచ్చు. నిజంగా వీలు కాకపోతే ఆ వేళకి ముందే ఒక్క ముక్క పంపండి, కొత్త వేళ చెప్పండి.

ఫోన్ ఎత్తాక, అడుగుతానన్నదే ముందు అడగండి. కాసేపటికి మాట దానంతట అదే వేరే వాటి మీదికి వెళ్తుంది. మేడమ్ గురించి ఆయన ఎత్తితే వినండి, మాట మార్చొద్దు. పరామర్శ అప్పట్లో చేయలేకపోయి ఉంటే ఇప్పుడు రెండు మాటలు చెప్పండి, ఆలస్యమైందని వదిలేయక్కర్లేదు. సలహాలు ఇవ్వకండి. ఫలానా క్లబ్బులో చేరండి, నడకకి వెళ్లండి, కొడుకు దగ్గరికి వెళ్లిపోండి లాంటివి ఆయన ఇప్పటికే చాలామంది దగ్గర విని ఉంటారు.

మీరింకా అదే ఆఫీసులో ఉంటే, పెన్షన్ గురించో రావాల్సిన బకాయి గురించో ఆయన అడగవచ్చు. మీ చేతిలో లేనిది చేయిస్తానని మాట ఇవ్వకండి. ఆ ఫైల్ ఏ సెక్షన్ చూస్తుంది, ఏ కాగితం కావాలి అన్నది కనుక్కుని చెప్పండి. చేయిస్తానని చెయ్యలేకపోతే, తర్వాత మొహం చెల్లక ఫోన్ మానేసేది మీరే అవుతారు.

పావుగంట అన్నారు కాబట్టి పావుగంట దాటాక “ఇంకాసేపు ఉంటారా సార్?” అని ఒకసారి అడగండి. పెట్టేసే ముందు తర్వాతి ఫోన్ ఎప్పుడో మాట్లాడుకోండి. ఎంత తరచుగా అన్నది ఆయననే చెప్పనివ్వండి. ఇది నేను ఊరికే చెప్పడం లేదు. అమెరికాలోని టెక్సస్‌లో మణిందర్ కహ్లాన్ నడిపిన ఒక ప్రయోగం ఫలితాలు 2021లో వచ్చాయి. ఇళ్లకి భోజనం అందుకునే 240 మందిని తీసుకుని, వాళ్లలో కొందరికి నాలుగు వారాలపాటు మామూలు మనుషుల చేత ఫోన్ చేయించారు. ఫోన్ చేసినవాళ్లు డాక్టర్లు కాదు, కౌన్సిలర్లు కాదు, ఆప్యాయంగా వినడంలో కొంచెం శిక్షణ పొందిన కుర్రవాళ్లు. మొదటి కొన్ని రోజుల తర్వాత, వారానికి ఎన్నిసార్లు చేయాలో అందుకునేవాళ్లే నిర్ణయించుకున్నారు. ఫోన్లు రాని వాళ్లతో పోలిస్తే వీళ్లలో ఒంటరితనం, దిగులు తగ్గాయి. నాలుగు వారాల తర్వాత ఏమైందో ఆ ఫలితం చెప్పదు. మీరు చేసే నెలకో ఫోన్ అంత పని చేస్తుందనీ చెప్పదు. మామూలు మనిషి మాట్లాడినా ఉపయోగం ఉందని మాత్రం దాన్నిబట్టి చెప్పొచ్చు.

మీ వైపు నుంచి మాత్రం నిలబెట్టుకోగలిగినంతే ఒప్పుకోండి. ఉత్సాహంలో వారానికోసారి అని మూడో వారానికి ఆపేసే కంటే నెలకోసారి అని నెలనెలా చేయడం మంచిది. ఫోన్ పెట్టగానే తర్వాతి తేదీని మీ క్యాలెండర్‌లో పెట్టుకోండి, పక్కనే ఆయన చెప్పింది ఒక ముక్క రాసుకోండి: కంటి ఆపరేషన్ ఎప్పుడు, మనవరాలి పరీక్షలు ఎప్పుడు. వచ్చే నెల అదే మొదటి మాట అవుతుంది.

అడగకుండా ఆయనని ఆఫీసు గ్రూప్‌లో చేర్చకండి. అందరూ పలకరిస్తారని మీరనుకుంటారు. ఆయనకి తనకి సంబంధం లేని సర్క్యులర్లు, తనకి తెలియని కొత్తవాళ్ల జోకులు వస్తాయి. ఆయన వెళ్లిపోయాక ఆఫీసు ఎంత మారిపోయిందో రోజూ చూపించినట్టు అవుతుంది. ఇద్దరు ముగ్గురు పాత మిత్రులు ఆయనకి ఫోన్ చేయాలనుకుంటే, ఎవరు ఏ వారం అన్నది మీలో మీరు మాట్లాడుకోండి. అందరూ ఒకే ఆదివారం చేసి మిగతా నెలంతా వదిలేయకుండా ఉంటుంది.

8. ఎత్తకపోతే

మొదటి రోజు ఎత్తకపోతే చెప్పినట్టే మర్నాడు చేయండి. అప్పుడూ ఎత్తకపోతే ప్రశ్న లేని ఒక సందేశం పెట్టండి: “రెండుసార్లు ప్రయత్నించాను సార్. మీకు వీలున్నప్పుడు చూద్దాం, వచ్చే నెల మొదటి ఆదివారం ఇంకోసారి చేస్తాను.” ఆ ఒకసారి కూడా చేశాక స్పందన లేకపోతే ఫోన్లు ఆపి, తర్వాతి పండగకి రెండు వాక్యాల పలకరింపు మాత్రం పంపండి. మాట్లాడటం ఇష్టం లేకపోవడానికి ఆయన కారణాలు ఆయనకి ఉంటాయి. వాటిని కూపీ లాగొద్దు. ఫోన్లోనే సున్నితంగా వద్దంటే, “అలాగే సార్, పండగలకి మాత్రం పలకరిస్తాను” అని అక్కడితో వదిలేయండి.

ఇంకో పరిస్థితి ఉంది, దాన్ని దీంతో కలపకూడదు. కొన్ని నెలలుగా మాట్లాడుతున్న మనిషి, ప్రతిసారీ రెండో రింగుకే ఎత్తేవారు, ఒకరోజు ఎత్తలేదు, సాయంత్రానికి తిరిగి చేయలేదు, మర్నాడూ అంతే. ఒక్కరే ఉంటున్న పెద్దవాళ్లు ఇంట్లో జారిపడితే చూసేవాళ్లు ఉండరు. ఇలాంటప్పుడు మొహమాటం పక్కన పెట్టి వెంటనే ఎవరినైనా వెళ్లి తలుపు తట్టమనాలి. దానికి పక్కింటివాళ్ల నంబరో, దగ్గర్లో ఉన్న బంధువు నంబరో మీ దగ్గర ఉండాలి. మొదటి ఫోన్లోనే అడిగితే ఎబ్బెట్టుగా ఉంటుంది. రెండు మూడు నెలలు మాట్లాడాక, మీ ఇంటివాళ్ల నంబరు ఒకటి ముందు ఆయనకి ఇచ్చి, “నా ఫోన్ దొరక్కపోతే దీనికి చేయండి సార్. మీవైపు కూడా ఒక నంబరు చెప్పండి, నా దగ్గర ఉంటుంది” అనండి. ఆ నంబరు ఎందుకు తీసుకున్నారో ఆయనకి తెలియాలి, దాన్ని ఇంకెవరికీ ఇవ్వకూడదు. తీసుకున్న రోజే, ఆయనతో చెప్పి, ఆ నంబరుకి ఒకసారి ఫోన్ చేసి మీరెవరో పరిచయం చేసుకోండి. నిజంగా అవసరం పడిన రోజు అవతలివాళ్లకి మీరెవరో మొదటినుంచీ చెప్పుకోవాల్సిన పని ఉండదు.